పంక్ ఆకాశం నుంచి ఊడిపడలేదు

పంక్ అనే రాక్ సంగీత ధోరణి గురించి ఏ డాక్యుమెంటరీ చూసినా కథ ఒకేలా మొదలవుతుంది. 1970ల మధ్యకొచ్చేసరికి ఇంగ్లండ్‌లో రాక్ సంగీతం బలిసిపోయి కదల్లేని స్థితికి చేరింది. పాటలు ఇరవై నిమిషాలు సాగేవి, వాయిద్యాలు మోయడానికి లారీలు కావాల్సి వచ్చేవి. అంతలో 1976లో సెక్స్ పిస్టల్స్ అనే బ్యాండు వాళ్లు వచ్చి ఒక్క తన్ను తన్నారు, అదంతా కూలిపోయింది. కథ ఇంతే. పంక్ వాళ్లకి కూడా ఈ కథ నచ్చింది కాబట్టి వాళ్లూ దీన్నే చెప్పుకుంటూ వచ్చారు. తమకు ముందు ఎవరూ లేరని అనుకోవడంలో ఏ కుర్రాడికైనా ఒక సుఖం ఉంటుంది.

నాకు మాత్రం ఈ కథ వింటే బాధేస్తుంది. ఇందులో నాలుగైదేళ్ల పని, కొన్ని డజన్ల మంది వాయిద్యకారుల కష్టం కనబడకుండా పోతాయి. 1971 నుంచి 1976 దాకా లండన్ పబ్బుల్లో, చిన్న ఆంప్లిఫయర్లు పెట్టుకుని, బీరు తాగే జనం మధ్య వాయించిన బ్యాండ్లు ఉన్నాయి. ఆ ధోరణికి పత్రికల వాళ్లు పబ్ రాక్ అని పేరు పెట్టారు. పంక్‌కి కావలసిన గది, గది సైజుకి తగ్గ శబ్దం, తక్కువ ఖర్చుతో రికార్డు చేసే పద్ధతి, ఆ రికార్డుని అమ్మే చిన్న కంపెనీ, ఇవన్నీ పబ్ రాక్ దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఒక్క విషయం మాత్రం దాని దగ్గర లేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు పబ్బు గురించి. లండన్‌లో పబ్బు అంటే పేటకొకటి ఉండే, సాయంత్రం పని దిగిన మనిషి నడిచి వెళ్లే చోటు. చాలావరకు బీరు తయారుచేసే పెద్ద కంపెనీలవే. వాటిని నడిపే యజమానికి కావలసింది బీరు అమ్ముడుపోవడం. వెనకవైపో నేలమాళిగలోనో ఒక పెద్ద గది ఖాళీగా పడి ఉండేది. కెంటిష్ టౌన్‌లోని టాలీ హో అనే పబ్బులో ఆ గదిలో జాజ్ వాయించేవారు. 1971లో ఎగ్స్ ఓవర్ ఈజీ అనే అమెరికన్ బ్యాండు అక్కడికొచ్చి, మాకూ ఒక రాత్రి ఇవ్వండని అడిగింది. వాళ్లు లండన్ వచ్చింది ఆల్బమ్ రికార్డు చేయడానికి. ఆ పని ఎటూ తేలక ఊళ్లో ఇరుక్కుపోయారు. పబ్బు యజమాని వాళ్లకి సోమవారం ఇచ్చాడు, అంటే వారంలో గిరాకీ అంతగా లేని రోజు. కొన్ని వారాల్లోనే జనం పెరిగారు, మిగతా రాత్రులూ వాళ్లకే దక్కాయి.

అలా వచ్చి చూసినవాళ్లలో నిక్ లో ఒకడు. బ్రిన్స్లీ ష్వార్ట్జ్ అనే బ్యాండులో అతను బేస్ వాయిస్తూ పాడేవాడు. అంతకు ఏడాది ముందే ఆ బ్యాండుకి పెద్ద తలవంపు జరిగింది. 1970 ఏప్రిల్‌లో వాళ్ల మేనేజర్లు ప్రచారం కోసం ఒక విమానం మాట్లాడి, వంద మందికి పైగా బ్రిటిష్ పాత్రికేయుల్ని న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్‌కి తీసుకెళ్లారు. విమానం ఆలస్యమైంది, వచ్చినవాళ్లు అలసిపోయి ఉన్నారు, బ్యాండు ఇంకా అంత పెద్ద వేదికకి తయారవలేదు. పత్రికలు చీల్చి చెండాడాయి. అలాంటి దెబ్బ తిన్నవాడు టాలీ హోలో నిలబడి, ప్రచారమూ హంగామా లేకుండా ముగ్గురు నలుగురు మనుషులు హాయిగా పాట తర్వాత పాట వాయిస్తుంటే చూశాడు. బ్రిన్స్లీ ష్వార్ట్జ్ కూడా పబ్బులకి వచ్చేసింది. వాళ్ల మేనేజర్లలో ఒకడైన డేవ్ రాబిన్సన్ ఊరంతా తిరిగి ఇలాంటి గదులున్న పబ్బుల్ని వెతికి, వాటిని బ్యాండ్లకి ఒక సర్క్యూట్‌గా కుదిర్చాడు. ఈ డేవ్ రాబిన్సన్ పేరు గుర్తుంచుకోండి.

ఆ గదుల్లో ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూస్తే, పబ్ రాక్ ఎందుకలా వినిపించేదో అర్థమవుతుంది. బ్యాండు తన సామాను తానే వ్యానులో వేసుకుని వస్తుంది. వేదిక అంటే నేలకి జానెడు ఎత్తు, కొన్నిచోట్ల అదీ ఉండదు. సౌండ్ సిస్టమ్ చిన్నది, అందులోంచి వచ్చేది దాదాపు గొంతులే. డ్రమ్స్‌కి మైకు ఉండదు, వాయించేవాడి చేతిలో బలం ఎంతో అంతే శబ్దం. గిటార్, బేస్ వాటి ఆంప్‌ల నుంచి నేరుగా జనం మీదికి వస్తాయి. దూరంగా కూర్చుని శబ్దాల్ని కలిపి సరిచేసే ఇంజినీరు ఎవరూ లేడు కాబట్టి ఎవరు ఎక్కడ వాయించాలో, ఎక్కడ ఊరుకోవాలో బ్యాండే తేల్చుకోవాలి. ఇద్దరు ఒకేసారి ఎక్కువ వాయిస్తే పాడేవాడి గొంతు మునిగిపోతుంది. నెమ్మదిగా, సన్నగా సాగే భాగం వచ్చిందా, బారు దగ్గర కబుర్లు దాన్ని మింగేస్తాయి. రాత్రి పదకొండింటికల్లా పబ్బు మూసేయాలి. ఈలోగా మధ్యలో విరామమిచ్చి రెండు సార్లు వాయించాలి, జనం గ్లాసు పట్టుకుని పక్క గదికి వెళ్లిపోకుండా చూసుకోవాలి.

ఇలాంటి చోట మూడు నిమిషాల పాటే బతుకుతుంది. డ్రమ్మర్ తాళం వదలకూడదు, గిటార్ అవసరమైనంతే పలకాలి. పాట పాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. వీళ్లకి ఈ క్రమశిక్షణ ఏ సిద్ధాంతం వల్లా రాలేదు, గది వల్లే వచ్చింది. పంక్ తన సొంత నిబంధనలుగా చెప్పుకున్న వాటిలో సగం ఇవే.

అయితే 1973 నాటికి ఈ పబ్బుల్లో వాయించే బ్యాండ్లని చూసి ఎవరూ భయపడేవారు కాదు. బ్రిన్స్లీ ష్వార్ట్జ్, బీస్ మేక్ హనీ, చిల్లీ విల్లీ అండ్ ద రెడ్ హాట్ పెప్పర్స్, వీళ్లు వాయించేది అమెరికన్ కంట్రీ, పాత రాక్ అండ్ రోల్, కాస్త సోల్. మంచి సంగీతమే, స్నేహంగా ఉండేది. గడ్డాలు, చెక్స్ చొక్కాలు. ఇయాన్ డ్యూరీ ముందుండి నడిపిన కిల్బర్న్ అండ్ ద హై రోడ్స్‌లో మాత్రం ఏదో పదును కనిపించేది. అతను చిన్నప్పుడు పోలియో సోకినవాడు, మైకు స్టాండుని పట్టుకుని ఒరిగి నిలబడి, జనాన్ని సూటిగా చూస్తూ పాడేవాడు, అదీ అచ్చమైన లండన్ యాసలో. కానీ పబ్బు గదిలోకి నిజంగా బెదిరింపుని తెచ్చింది మరో బ్యాండు. ఈ వ్యాసం రాయడానికి నాకు అసలు కారణం వాళ్లే.

వాళ్లు డాక్టర్ ఫీల్‌గుడ్. 1990లలో ఎంటీవీ చూసినవాళ్లకి రాక్సెట్ అనే స్వీడిష్ జంట గుర్తుండే ఉంటుంది. ఆ పేరు వాళ్లు తీసుకున్నది డాక్టర్ ఫీల్‌గుడ్ పాట 'రాక్సెట్' నుంచే. బ్యాండు ఊరు క్యాన్వీ ఐలాండ్. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట, సముద్రమట్టానికి కూడా కింద ఉండే బురద నేల అది. చుట్టూ చమురు ట్యాంకులు, గోడలా కట్టిన గట్లు. 1953లో ఆ గట్లు తెగి ఉప్పెన వచ్చినప్పుడు ఆ చిన్న దీవిలోనే 50 మందికి పైగా చనిపోయారు. లండన్‌కి దగ్గరే అయినా లండన్ ఫ్యాషన్లకి చాలా దూరం. వీళ్లు అక్కడ సూట్లు వేసుకుని, పొట్టి జుట్టుతో పాత రిథమ్ అండ్ బ్లూస్ వాయిస్తూ పెరిగారు. 1973 వేసవిలో వ్యానెక్కి టాలీ హోకి వచ్చినప్పుడు, గడ్డాల బ్యాండ్ల మధ్య వీళ్లు బాకీ వసూలుకొచ్చిన మనుషుల్లా కనిపించారు.

ముందు నిలబడేది లీ బ్రిల్లో. మాసిపోయిన తెల్ల కోటు, చేతిలో మౌత్ ఆర్గాన్, బొంగురు గొంతు. పక్కన గిటార్ విల్కో జాన్సన్. ఇతను న్యూకాజిల్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, రోడ్డు మార్గాన మన దేశం దాకా వచ్చి, తిరిగి వెళ్లి బడిలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పినవాడు. వెనక స్పార్కో బేస్, బిగ్ ఫిగర్ డ్రమ్స్. బ్రిల్లో కదలకుండా పిడికిలి బిగించి నిలబడితే, విల్కో కళ్లు పెద్దవి చేసి జనాన్ని గుడ్లప్పగించి చూస్తూ, వేదిక మీద ముందుకీ వెనక్కీ పట్టాల మీద జారినట్టు దూసుకుపోయేవాడు. గిటార్‌ని తుపాకీలా ఎత్తి గది అంతా గురిపెట్టేవాడు. పాటల మధ్య కబుర్లుండవు, నవ్వులుండవు.

విల్కో కుడి చేతి గురించి విడిగా చెప్పాలి. అతను పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి, అయినా కుడిచేత్తో వాయించడం నేర్చుకున్నాడు. తీగలు మీటే పిక్ పట్టుకోడు. వట్టి వేళ్లతో తీగలన్నిటినీ ఒక్కసారిగా కొడతాడు. ఎడమ చేయి అదే క్షణంలో తీగల్ని నొక్కీ వదిలీ, ఏది మోగాలో ఏది మూగబోవాలో తేలుస్తుంది. అందుకే ఆ గిటార్‌లో శబ్దం ఎంతో నిశ్శబ్దమూ అంతే. మామూలుగా ఒక గిటారిస్టు తాళం పడుతుంటే ఇంకొకడు పైన రాగం వాయిస్తాడు. డప్పు వాయించేవాడు ఒక చేతి సిర్రతో దెబ్బ, రెండో చేతి సన్నపుల్లతో దరువు పలికించినట్టు, విల్కో ఒక్కడే ఆ రెండు పనులూ చేసేవాడు. ఈ పద్ధతిని అతను జానీ కిడ్ అండ్ ద పైరేట్స్ గిటారిస్టు మిక్ గ్రీన్ దగ్గర పట్టుకున్నాడు. ఆ మాట తనే ఎప్పుడూ చెప్పేవాడు. నల్ల టెలికాస్టర్ గిటార్, చుట్టలు తిరిగిన వైరు, నేరుగా ఆంప్‌లోకి. మధ్యలో శబ్దాన్ని మార్చే పెడల్ ఒక్కటి కూడా లేదు. ఎక్కువసేపు వాయిస్తే వేళ్లు తెగి రక్తం వచ్చేది.

గిటార్ నేర్చుకునే కుర్రాడికి ఇది చాలా పెద్ద కబురు. ఖరీదైన సామాను అక్కర్లేదు, వేగంగా వేళ్లు పరిగెత్తించే సోలోలు అక్కర్లేదు. కావలసింది తాళం మీద పట్టు, మొండితనం. లండన్‌లో విల్కోని చూసి టెలికాస్టర్ కొనుక్కున్న ఒక కుర్రాడి పేరు జో స్ట్రమ్మర్.

1975 జనవరిలో డాక్టర్ ఫీల్‌గుడ్ మొదటి ఆల్బమ్ 'డౌన్ బై ద జెట్టీ' వచ్చింది. నిర్మాత విక్ మెయిల్. స్టూడియోలో ఒక్కొక్క వాయిద్యాన్నీ విడివిడిగా రికార్డు చేసి పొరలు పేర్చే పద్ధతి అప్పటికే మామూలైపోయింది. వీళ్లు దాదాపు అంతా కలిసి ఒకేసారి వాయించి రికార్డు చేయించుకున్నారు. రికార్డు స్టీరియోలో కాక మోనోలో, అంటే శబ్దమంతా ఒకే చానెల్లో వచ్చింది. అట్ట మీద నలుపు తెలుపు ఫొటో, క్యాన్వీ గాలికి చిరాకుపడుతూ నిలబడ్డ నలుగురు మనుషులు. 1975లో మోనో రికార్డు అంటే ఎవరైనా కావాలని చేయాల్సిందే. తర్వాత వచ్చిన లైవ్ ఆల్బమ్ 'స్టుపిడిటీ' 1976 అక్టోబరులో బ్రిటిష్ ఆల్బమ్ చార్టులో ఒకటో స్థానానికి వెళ్లింది. రేడియోలో మోగిన హిట్ సింగిల్ ఒక్కటి కూడా లేకుండా, ఊరూరా వాయించి సంపాదించుకున్న జనంతోనే వెళ్లింది.

పబ్ రాక్ అంటే ఎవరూ కొనని రికార్డులు చేసిన పాత పాటల బృందాలే అని తీసిపారేసేవాళ్లకి నేను చూపించేది ఈ సంగతే. అయితే వాళ్ల మాటలోనూ కొంత నిజముంది. 1975లో మొదటి తరం పబ్ బ్యాండ్లు వరసగా విడిపోయాయి. చిల్లీ విల్లీ, బ్రిన్స్లీ ష్వార్ట్జ్, డక్స్ డీలక్స్, మూడూ ఆ ఏడాది మొదటి సగంలోనో కాస్త అటూఇటూగానో ముగిసిపోయాయి. డబ్బుల్లేవు, రికార్డులు అమ్ముడవలేదు. గదిలో పుట్టిన ఆ హుషారుని స్టూడియోలో పట్టడం చాలామందికి చేతకాలేదు. ఏస్ బ్యాండుకి 'హౌ లాంగ్' రూపంలో అమెరికాలో కూడా పెద్ద హిట్ వచ్చింది కానీ, అది మెత్తటి పాట. దాన్ని వింటే పబ్బు గుర్తుకు రాదు.

బ్యాండ్లు పోయినా మిగతావన్నీ మిగిలాయి. ఇక్కడే నా వాదన మొదలవుతుంది. గదులు మిగిలాయి. ఇజ్లింగ్టన్‌లో హోప్ అండ్ యాంకర్ నేలమాళిగ, వెస్ట్ కెన్సింగ్టన్‌లో నాష్‌విల్, హ్యామర్‌స్మిత్‌లో రెడ్ కౌ. పేరు తెలియని బ్యాండుని చూడ్డానికి చిల్లర ఇచ్చి లోపలికొచ్చే అలవాటున్న జనం మిగిలారు. ఆ జనానికి కబురందించే పత్రికల వాళ్లు మిగిలారు. డేవ్ రాబిన్సన్ హోప్ అండ్ యాంకర్ మేడ మీద కట్టుకున్న చిన్న స్టూడియో మిగిలింది.

1976 ఏప్రిల్ 3న నాష్‌విల్‌లో జరిగింది చూడండి. ఆ రాత్రి ప్రధాన బ్యాండు వన్ ఓ వనర్స్. వాల్టర్టన్ రోడ్డులో 101 నంబరు ఇంట్లో, అద్దె కట్టకుండా ఆక్రమించుకుని ఉన్న కుర్రాళ్ల బ్యాండు అది, పేరూ అదే. పాడేది జో స్ట్రమ్మర్. వాళ్లకి ముందు వాయించిన బ్యాండు సెక్స్ పిస్టల్స్. స్ట్రమ్మర్ గుంపులో నిలబడి వాళ్లని చూశాడు. మొదటి పాట మొదలైన కొన్ని సెకన్లకే తన బ్యాండు నిన్నటి పేపర్ అయిపోయిందని అర్థమైందని తర్వాత చాలాసార్లు చెప్పాడు. అదే నెల 23న రెండు బ్యాండ్లూ అక్కడే మళ్లీ వాయించాయి. కొద్ది వారాల్లో వన్ ఓ వనర్స్ ముగిసింది. జులై 4న షెఫీల్డ్‌లోని ఒక పబ్బులో, మళ్లీ సెక్స్ పిస్టల్స్‌తోనే, స్ట్రమ్మర్ కొత్త బ్యాండు ద క్లాష్ మొదటిసారి వేదికెక్కింది.

పంక్ చరిత్రలో ఈ ఘట్టాన్ని పాతది చచ్చి కొత్తది పుట్టిన రాత్రిగా చెబుతారు. నేను చెప్పేది దానికి ఎదురు కాదు, కానీ గదిని చూడమంటాను. పిస్టల్స్‌కి నాష్‌విల్ లాంటి వేదిక దొరికిందంటే, అంతకు ముందు ఏళ్ల తరబడి పబ్ రాక్ బ్యాండ్లు అక్కడ జనాన్ని నింపాయి కాబట్టే. స్ట్రమ్మర్ క్లాష్‌లోకి వెళ్లేటప్పుడు వట్టి చేతులతో వెళ్లలేదు. ఎల్గిన్ పబ్బులో వారం వారం వాయించి నేర్చుకున్న గొంతు, ఎడమ కాలు దడదడలాడిస్తూ తాళం పట్టే టెలికాస్టర్, తాగిన గుంపుని అదుపులో పెట్టే ధైర్యం, ఇవన్నీ వెంట తీసుకెళ్లాడు. పిస్టల్స్ అతనికి ఏం పాడాలో చూపించారు. ఎలా నిలబడి పాడాలో అప్పటికే అతనికి తెలుసు.

ఆ నాష్‌విల్ రాత్రికి రెండు నెలల ముందు, ఫిబ్రవరి 12న మార్కీ క్లబ్బులో జరిగింది ఇంకాస్త చేదు కథ. ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్ కూడా క్యాన్వీ, సౌత్ఎండ్ ప్రాంతం వాళ్లే. ఫీల్‌గుడ్ కంటే చిన్నవాళ్లు, వేగం ఎక్కువ. పబ్ రాక్ నుంచి నేరుగా తర్వాతి మెట్టు ఎక్కాల్సింది వీళ్లేనని చాలామంది అనుకున్నారు. ఆ రాత్రి వాళ్లకి ముందు వాయించిన పిస్టల్స్ హాట్ రాడ్స్ సామాను విరగ్గొట్టారు. ఎన్ఎంఇ పత్రికలో వచ్చిన రివ్యూ మొత్తం పిస్టల్స్ గురించే. మాకు సంగీతం కాదు, గందరగోళం కావాలి అన్న వాళ్ల మాట అందులో అచ్చయింది. ప్రధాన బ్యాండు ఊసే లేదు. హాట్ రాడ్స్‌కి అన్యాయం జరిగిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఆ 1976 వేసవిలో మార్కీలో వాయించి విడుదల చేసిన వాళ్ల లైవ్ ఈపీ, అంటే కొన్ని పాటల చిన్న రికార్డు, వినండి, పంక్ అని పేరు పెట్టడానికి అందులో తక్కువేమీ లేదు. కానీ వాళ్లు పాడింది పాతికేళ్లలోపు కుర్రాళ్ల హుషారు గురించి. పిస్టల్స్ పాడింది ఆ కుర్రాళ్లకి దేశంలో మిగిలినదేమిటన్న దాని గురించి.

పబ్ రాక్ దగ్గర లేనిది ఇదే. దానికి గది ఉంది, తాళం ఉంది, పొదుపు ఉంది. తన కాలం గురించి చెప్పడానికి మాత్రం తనదైన మాట లేదు. విల్కో క్యాన్వీ గురించి బాగా రాశాడు, డ్యూరీ ఇంకా బాగా రాశాడు. మిగతావాళ్లలో ఎక్కువమంది తాము పుట్టకముందో చిన్నప్పుడో అమెరికాలో వచ్చిన పాటల్ని ప్రేమగా వాయించారు. నిరుద్యోగం పెరుగుతూ, కరెంటు కోతలు చూసిన దేశంలో పెరిగిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఆ ప్రేమ చాలదు. పంక్ వాళ్లు పబ్ రాక్‌ని ఎందుకు ఛీ కొట్టారో నాకు అర్థమవుతుంది. తమ పాటలు తామే రాసుకోవాలనీ, తమ గొంతుతోనే పాడాలనీ వాళ్లు పట్టుబట్టడం సరైన పనే.

కానీ ఆ కోపం రికార్డు మీదకి ఎక్కిన దారి చూస్తే మళ్లీ పబ్బుకే వస్తాం. జేక్ రివియేరా చిల్లీ విల్లీ మేనేజరుగా ఉండి, ఆ బ్యాండు విడిపోయాక డాక్టర్ ఫీల్‌గుడ్ వెంట టూర్ మేనేజరుగా తిరిగాడు. అతనూ డేవ్ రాబిన్సన్ కలిసి ఒక రికార్డు కంపెనీ పెట్టాలనుకున్నారు. లీ బ్రిల్లో 400 పౌండ్లు అప్పిచ్చాడు. 1976 ఆగస్టులో స్టిఫ్ రికార్డ్స్ మొదలైంది. మొదటి సింగిల్ నిక్ లోది. పాత్‌వే అనే ఇరుకైన ఎనిమిది ట్రాకుల స్టూడియోలో దాన్ని రికార్డు చేయడానికి అయిన ఖర్చు 45 పౌండ్లు అని చెప్పుకునేవారు. పెద్ద కంపెనీలో ఒక బ్యాండు నెలల తరబడి స్టూడియోలో కూర్చునే రోజులవి. 45 పౌండ్లు పెట్టినవాడికి ఓడిపోతానన్న భయం ఉండదు. కొన్ని వందలో వేలో అమ్ముడైతే ఖర్చు తిరిగొస్తుంది, తర్వాతి రికార్డుకి డబ్బులుంటాయి. ఈ లెక్క ఉన్నచోటే ఎవరూ వినని శబ్దాన్ని రికార్డు చేసే ధైర్యం పుడుతుంది. ఇంతకు కొన్ని నెలల ముందే టెడ్ క్యారల్, రోజర్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇద్దరు పాత రికార్డుల వ్యాపారులు చిజిక్ రికార్డ్స్ పెట్టి కౌంట్ బిషప్స్ లాంటి పబ్ బ్యాండ్ల రికార్డులు వేశారు. స్ట్రమ్మర్ పాత బ్యాండు సింగిల్ వచ్చిందీ వాళ్ల దగ్గరే.

ఆ ఆగస్టులోనే ఫ్రాన్స్‌లోని మోంట్ ద మార్సాన్ అనే ఊళ్లో ఒక ఉత్సవం జరిగింది. యూరప్‌లో మొదటి పంక్ ఉత్సవం అని పుస్తకాల్లో రాస్తారు. వాయించినవాళ్లలో ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్, కౌంట్ బిషప్స్, నిక్ లో ఉన్నారు, అంటే దాదాపు పబ్ రాక్ వాళ్లే. ఇంగ్లండ్ నుంచి వెళ్లిన అసలైన పంక్ బ్యాండు ద డ్యామ్డ్. అక్కడ కుదిరిన పరిచయంతో డ్యామ్డ్ స్టిఫ్‌కి వచ్చింది. నిక్ లో వాళ్లని పాత్‌వేకి తీసుకెళ్లాడు. ముందు కొట్టి పారెయ్యి, మెరుగులు తర్వాత చూద్దాం అన్నది అతని పద్ధతి, అందుకే బ్యాషర్ అని పిలిచేవారు. టాలీ హోలో చూసి నేర్చుకున్న పాఠం అదే: అందరూ కలిసి ఒకసారి వాయించండి, బాగుంటే అదే రికార్డు. 1976 అక్టోబరు 22న 'న్యూ రోజ్' వచ్చింది. బ్రిటిష్ పంక్‌లో మొదటి సింగిల్ అదే. పిస్టల్స్ పెద్ద కంపెనీ ఈఎంఐతో చేసిన మొదటి సింగిల్ దానికి నెల తర్వాత వచ్చింది. తక్కువ డబ్బు, తక్కువ మంది, తక్కువ అనుమతులు కావలసినవాడే ముందు చేరాడు. అదే అక్టోబరులో చార్టులో పైన ఉన్నది, స్టిఫ్‌కి అప్పిచ్చిన మనిషి బ్యాండు.

సంగీతంలో ఏం మారిందో తెలుసుకోవాలంటే రెండు పాటలు పక్కపక్కన పెట్టుకుని వినండి. మొదట 'డౌన్ బై ద జెట్టీ'లో మొదటి పాట 'షీ డజ్ ఇట్ రైట్', ఆ వెంటనే 'న్యూ రోజ్'. రెండూ పొట్టివే, రెండిట్లోనూ అంతా ఒకే గదిలో కలిసి కొడుతున్నట్టు వినిపిస్తుంది. కానీ విల్కో గిటార్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ స్పష్టంగా తెలుస్తుంది, ఆ ఖాళీలోనే బెదిరింపు ఉంది. డ్యామ్డ్ గిటారిస్టు బ్రయన్ జేమ్స్ ఆ ఖాళీలన్నిటినీ బొంగురు శబ్దంతో నింపేశాడు. డ్రమ్మర్ రాట్ స్కేబీస్ తాళం పట్టుకుని నిలబడడు, దాన్ని ముందుకు తోసుకుంటూ పోతాడు. పంక్ పబ్ రాక్ దగ్గర పొడుగునీ, ఖర్చునీ, గదినీ తీసుకుంది, ఖాళీని వదిలేసింది.

ఆ ఖాళీని వెనక్కి తెచ్చింది లీడ్స్ కుర్రాళ్లు. గ్యాంగ్ ఆఫ్ ఫోర్ గిటారిస్టు ఆండీ గిల్ తనకి విల్కో అంటే ఎంత ఇష్టమో దాచుకోలేదు. 1979లో వచ్చిన 'ఎంటర్‌టైన్‌మెంట్!' ఆల్బమ్‌లో అతని గిటార్ కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం విని, తర్వాత 'స్టుపిడిటీ' మొదటి వైపు పెట్టుకోండి. షెఫీల్డ్ సిటీ హాల్లో 1975 మే నెలలో రికార్డు చేసిన వైపు అది. అప్పటికి సెక్స్ పిస్టల్స్ ఇంకా ఒక్క ప్రదర్శన కూడా ఇవ్వలేదు.